TQQQ మీద ఏడాది కాల్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

నమస్తే అండీ. డాలస్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. నాలుగైదేళ్లుగా కొంచెం కొంచెం కొంటూ వచ్చిన TQQQ షేర్లు ఇప్పుడు 300 ఉన్నాయి. వచ్చే ఏడాదీ రెండేళ్లలో నాస్డాక్ పెరుగుతుందని నా నమ్మకం. షేర్లు అమ్మేసి TQQQ మీదే ఏడాది పైబడిన కాల్ ఆప్షన్లు కొంటే ఫండ్ విలువను అరగదీసే డికే బెడద ఉండదని, నష్టం ప్రీమియంతోనే ఆగిపోతుందని ఆఫీసులో ఒకాయన అంటున్నారు. ఇంకొకాయన షేర్లు ఉంచుకుని వారం వారం కవర్డ్ కాల్స్ అమ్మమంటున్నారు, ఆ డబ్బుతో డికే పూడిపోతుందట. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు కూడా ఇందులో దిగుతానంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, డాలస్

నష్టం ప్రీమియంతో ఆగుతుందన్న మాట నిజమే. డికే బెడద ఉండదన్నది మాత్రం నిజం కాదు. ఎక్స్‌పైరీ రోజున మీ కాల్ విలువ ఎంతో తేల్చేది TQQQ ధరే. ఆ ధరను ఏడాది పొడవునా ఏది అరగదీసినా అది మీ కాల్‌ను కూడా అరగదీస్తుంది. పైగా షేరు ఉన్నవాళ్లకు గడువు లేదు, మీకు ఉంటుంది. అందుకే ముందు అరుగుదల ఎక్కడ పుడుతుందో చూసి, తర్వాత ఆప్షన్ లెక్కలోకి వెళ్దాం.

TQQQ మాట ఇచ్చేది ఒక్క రోజుకే. ఈ రోజు నాస్డాక్-100 సూచీ 1% కదిలితే తాను 3% కదులుతానని చెబుతుంది. ఏడాదికి మూడింతలు ఇస్తానని ఎక్కడా చెప్పదు. ఫండ్‌లో 100 డాలర్లుంటే బ్యాంకులతో చేసుకున్న స్వాప్ ఒప్పందాల ద్వారా 300 డాలర్ల మేరకు సూచీని పట్టుకుని ఉంటుంది. సూచీ 2% పడిందనుకోండి. ఫండ్ 6 డాలర్లు పోగొట్టుకుని 94 దగ్గర ఉంటుంది, చేతిలో ఉన్న సూచీ విలువ 294. కానీ 94కి మూడింతలంటే 282. కాబట్టి ఆ సాయంత్రం మార్కెట్ మూసేలోపు 12 డాలర్ల మేర అమ్మాలి. సూచీ పెరిగిన రోజున ఇదే లెక్కలో కొనాలి. అంటే పడ్డాక అమ్మడం, పెరిగాక కొనడం. ఫండ్ నడిపేవాళ్ల తెలివితేటలతో దీనికి సంబంధం లేదు, లివరేజ్‌ను రోజూ మూడు దగ్గర నిలబెట్టాలంటే ఇంకో దారి లేదు.

సూచీ ఒక రోజు 10% పడి, మర్నాడు 11.11% పెరిగి మొదటి చోటికే వచ్చిందనుకుందాం. ఫండ్ 100 నుంచి 70కి పడుతుంది, తర్వాత 33.33% పెరిగి 93.33 దగ్గర ఆగుతుంది. సూచీ ఉన్నచోటే ఉంది, మీ డబ్బు 6.67% పోయింది. పడ్డ రోజు సాయంత్రం అమ్మేసిన భాగానికి మర్నాటి పెరుగుదలలో వాటా లేకపోవడమే దీనికి కారణం.

ఇక్కడ చాలామంది ఆగిపోయి, లివరేజ్డ్ ఫండ్ ఎప్పుడూ అరుగుతుందని తేల్చేస్తారు. అదీ పొరపాటే. సూచీ వరుసగా రెండు రోజులు 2% చొప్పున పెరిగితే మొత్తం 4.04% అవుతుంది, మూడింతలంటే 12.12%. ఫండ్ మాత్రం 12.36% ఇస్తుంది, ఎందుకంటే మొదటి రోజు సాయంత్రం కొన్న అదనపు భాగం రెండో రోజు లాభం తెచ్చింది. ఒకే దిక్కున సాగే మార్కెట్‌లో రీబ్యాలెన్సింగ్ మీకు సాయం చేస్తుంది, అటూ ఇటూ ఊగే మార్కెట్‌లో నష్టం చేస్తుంది. అదే సూచీని లివరేజ్ లేకుండా అనుసరించే ఫండ్ QQQ. 2022లో QQQ సుమారు 33% పడితే TQQQ సుమారు 79% పడింది. మూడింతలు చేస్తే దాదాపు 98% రావాలి, అంతకంటే తక్కువే పడింది. 2023లో QQQ సుమారు 55% పెరిగింది, TQQQ సుమారు 198% పెరిగింది, అంటే మూడింతలకు మించే ఇచ్చింది. విడివిడిగా చూస్తే రెండేళ్లూ మూడింతల కంటే మెరుగ్గానే కనిపిస్తాయి. కలిపి చూడండి. QQQలో పెట్టిన 100 డాలర్లు 67కి పడి 104కి లేచాయి. TQQQలో పెట్టిన 100 డాలర్లు 21కి పడి 62 దగ్గర ఆగాయి.

ఈ తేడాను ముందుగా అంచనా వేయడానికి ఒక సూత్రం ఉంది. మూడింతల ఫండ్‌కు అది ఇలా ఉంటుంది:

```
L = S^3 * exp(-(3*v*v + 2*r + f)*T)
```

`S` అంటే సూచీ డివిడెండ్లతో కలిపి ఎన్ని రెట్లు అయిందన్నది, 20% పెరిగితే 1.20. `L` అంటే ఫండ్ ఎన్ని రెట్లు అయిందన్నది. `v` ఆ కాలంలో సూచీ నిజంగా ఎంత ఊగిందో చెప్పే వార్షిక వొలటాలిటీ. `r` వడ్డీ రేటు, ఫండ్ మీ ఒక డాలర్ మీద ఇంకో రెండు డాలర్లు అప్పు తెచ్చినట్టే కాబట్టి అది రెండింతలు పడుతుంది. `f` ఫండ్ ఖర్చు, TQQQకి ఏడాదికి 1% లోపే. `T` ఏళ్లలో కాలం. పైన చెప్పిన 2022, 2023 సంవత్సరాల ఊగిసలాట, వడ్డీలు ఇందులో వేస్తే 65 దగ్గర వస్తుంది, నిజంగా జరిగిన 62కి అది దూరమేమీ కాదు.

ఇందులో గమనించాల్సింది వొలటాలిటీ వర్గం, అంటే `v*v`. ఊగిసలాట 15% ఉంటే దాని వల్ల వచ్చే అరుగుదల ఏడాదికి 6.5%. అది 20% అయితే 11%, 28% అయితే 21%. వొలటాలిటీ రెట్టింపైతే అరుగుదల రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగింతలవుతుంది. మీ చార్ట్‌లో TQQQ ఒక్కో ఏడాది ఒక్కో రకంగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

ఇప్పుడు మీ కాల్ దగ్గరికి వద్దాం. లెక్క సులువుగా ఉండడానికి QQQ, TQQQ రెండూ ఈ రోజు 100 డాలర్లే అనుకుందాం. ఏడాది గడువు, 100 స్ట్రైక్, అంటే ధర ఎంతున్నా 100కే కొనే హక్కు, వడ్డీ 4%. QQQ ఆప్షన్ల ధరల్లో దాగి ఉన్న ఊగిసలాట అంచనా, అంటే ఇంప్లైడ్ వొలటాలిటీ, 20% ఉంటే TQQQ ఆప్షన్లలో అది మూడింతలు, 60% దగ్గర ఉంటుంది. బ్లాక్-షోల్స్ లెక్కలో TQQQ కాల్ 25 డాలర్లు, QQQ కాల్ 10 డాలర్లు అవుతాయి. TQQQ ఒక షేరు మూడు QQQ షేర్లంత కదులుతుంది కాబట్టి ఒక TQQQ కాల్‌ను మూడు QQQ కాల్స్‌తో పోల్చాలి. ఒకవైపు 25, ఇంకోవైపు 30. TQQQ చవగ్గా కనిపిస్తుంది, మీ ఆఫీసు మిత్రుడికి నచ్చింది బహుశా ఇదే.

నాస్డాక్ ఏడాదిలో 10% పెరిగిందనుకోండి, ఊగిసలాట అనుకున్నట్టే 20% ఉంది. సూత్రం ప్రకారం TQQQ 108 దగ్గర ఉంటుంది. మీ కాల్ విలువ 8 డాలర్లు, అంటే 17 డాలర్లు నష్టం. మూడు QQQ కాల్స్ 30 డాలర్లు ఇస్తాయి, పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తుంది. సూచీ 10% పెరుగుతుందని మీరు సరిగ్గా ఊహించారు, అయినా ప్రీమియంలో మూడింట రెండు వంతులు పోయింది.

అదే నాస్డాక్ 20% పెరిగిందనుకుందాం. ఊగిసలాట 20% ఉంటే TQQQ 140, మీ లాభం 15. మార్కెట్ ప్రశాంతంగా 15% మాత్రమే ఊగి అక్కడికి చేరితే TQQQ 148 దగ్గర ఉంటుంది, లాభం 22కి పైనే. మధ్యలో ఒక భయం పుట్టి, బాగా పడి లేచి, ఊగిసలాట 28% అయి చివరికి అదే 20% దగ్గరికి చేరితే TQQQ 125. మీకు లాభం సున్నా. ఈ మూడు సందర్భాల్లోనూ మూడు QQQ కాల్స్ లాభం మారదు, 30 డాలర్లే. QQQ కాల్‌కు ఎక్స్‌పైరీ రోజున సూచీ ఎక్కడుందన్నదే లెక్క. TQQQ కాల్‌కు సూచీ అక్కడికి ఏ దారిలో వచ్చిందన్నది కూడా లెక్క. మీరు నాస్డాక్ పెరుగుతుందని పందెం కాస్తున్నానని అనుకుంటున్నారు, నిజానికి నాస్డాక్ బాగా పెరుగుతుందనీ, పెద్దగా ఊగకుండా పెరుగుతుందనీ రెండు పందాలు కాస్తున్నారు.

TQQQ కాల్ గెలిచే చోటు లేకపోలేదు. ఊగిసలాట 20% ఉంటే, నాస్డాక్ ఏడాదిలో సుమారు 35% దాటిన తర్వాత అది మూడు QQQ కాల్స్‌ను దాటిపోతుంది. 40% పెరిగితే లాభం 97, QQQ వైపు 90. సూచీ పడిపోతే కూడా TQQQ కొన్నవాళ్లు 25 పోగొట్టుకుంటారు, QQQ వాళ్లు 30. అంటే బాగా పెరిగినప్పుడూ, పడిపోయినప్పుడూ TQQQ కాల్ కాస్త మెరుగు. మధ్యలో ఉండే 5% నుంచి 35% వరకూ, అంటే మంచి ఏడాది అని మనం మామూలుగా పిలిచే ఫలితాలన్నిట్లో, అది వెనకబడుతుంది. మీ నమ్మకం ఆ మధ్య భాగంలోనే ఉందని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2021 డిసెంబర్ చివర్లో ఒకరు 2024 జనవరి ఎక్స్‌పైరీతో అప్పటి ధర దగ్గరే స్ట్రైక్ పెట్టుకుని కాల్ కొన్నారనుకోండి. నాస్డాక్-100 అప్పుడు 16,320 దగ్గర ఉంది. గడువు తీరిన 2024 జనవరి 19న అది 17,300 పైన, రికార్డు స్థాయిలో ముగిసింది. QQQ కాల్ కొన్నవాళ్లకు కట్టిన ప్రీమియం మొత్తం రాకపోయినా కొంత చేతికొచ్చేది. TQQQ మాత్రం అప్పటికింకా 2021 ముగింపు ధర కంటే మూడో వంతు తక్కువలో ఉంది. సూచీ రికార్డు సృష్టించిన రోజునే దాని మీది మూడింతల ఫండ్ కాల్ సున్నాతో గడువు తీరింది.

ఇంకో మెలిక కూడా ఉంది. మామూలు షేరు మీద కాల్ కొన్నవాళ్లకు వొలటాలిటీ పెరిగితే మంచిదే, ఇంప్లైడ్ వొలటాలిటీ పెరిగితే ఆప్షన్ ధర పెరుగుతుంది. TQQQలో కూడా ఆ ఒక్క రోజు స్క్రీన్ మీద అలానే కనిపిస్తుంది. కానీ అదే వొలటాలిటీ నిజంగా జరిగి నెలల తరబడి సాగితే, మీ కాల్ కింద ఉన్న ఫండ్‌నే అది తినేస్తుంది. మార్చిలో ధర పెరిగిందని సంతోషపడిన కాల్, సూచీ అదే చోట ఉన్నా సెప్టెంబర్‌కి ఖాళీ కావచ్చు. టైమ్ డికే వేరు, ఫండ్ అరుగుదల వేరు. మీ స్క్రీన్ మీద థీటా అని కనిపించేది మొదటిదే. రెండోది ఏ గడిలోనూ కనిపించదు, TQQQ ధరలో కలిసిపోయి వస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే నెలకోసారి ఒక పని చేయండి. మీరు కొన్న రోజు నుంచి QQQ ఎన్ని రెట్లు అయిందో చూసి, దాన్ని ఘనం చేసి, TQQQ ఎన్ని రెట్లు అయిందో దానితో పోల్చండి. ఆ తేడాయే మీరు ఇప్పటిదాకా చెల్లించిన అరుగుదల, వడ్డీ, ఖర్చు.

ఇలా చెబితే కొందరికి వెంటనే ఒక ఆలోచన వస్తుంది, అరిగేది ఖాయమైతే, ధర పడితే లాభమిచ్చే పుట్ కొంటే సరిపోతుంది కదా అని. అది కూడా ఉచితంగా దొరకదు. డికే అనేది ఆప్షన్లు అమ్మేవాళ్లకు తెలియని రహస్యం కాదు, 60% ఇంప్లైడ్ వొలటాలిటీలో దాని ధర ముందే కలిపి ఉంటుంది. పై లెక్కలోనే ఏడాది పుట్ 21 డాలర్లు. నాస్డాక్ ఏడాది చివర ఉన్నచోటే ఉంటే TQQQ 81 దగ్గర ఉంటుంది, పుట్ 19 ఇస్తుంది, అంటే ఇంచుమించు పెట్టింది వస్తుంది. నాస్డాక్ మామూలుగా 8% పెరిగితే TQQQ 102 దగ్గర ఉంటుంది, పుట్ మొత్తం పోతుంది. ఆ చివరి అంకె షేర్లున్న మీరు ఇంకో కారణానికి గుర్తుంచుకోండి. సూచీ 8% పెరిగిన ఏడాదిలో, ఊగిసలాట మామూలుగా ఉన్నా, మూడింతల ఫండ్ మీకిచ్చేది 2%.

కవర్డ్ కాల్స్ సంగతి. ఈ సలహా ఎక్కువమందిని దెబ్బతీస్తుందని నాకు భయం, ఎందుకంటే వారం వారం అకౌంట్‌లో డబ్బు పడుతూ ఉంటే లాభంలో ఉన్నట్టే అనిపిస్తుంది. TQQQ ఫలితాలు ఎలా పరుచుకుని ఉంటాయో చూడండి. ఎక్కువ సార్లు వచ్చేవి నీరసమైన ఫలితాలు. కొన్నిసార్లు మాత్రం ఒక్కసారిగా పెద్ద పెరుగుదల వస్తుంది. సగటు బాగుందంటే ఆ కొద్దిపాటి పెద్ద పెరుగుదలల వల్లే. కవర్డ్ కాల్ అమ్మడమంటే ఆ పెద్ద పెరుగుదలనే అమ్ముకోవడం. నీరసమైన ఫలితాలన్నీ మీ దగ్గరే ఉండిపోతాయి.

అంకెల్లో చూద్దాం. TQQQ 100 దగ్గర ఉన్నప్పుడు 105 స్ట్రైక్ వారపు కాల్ అమ్మితే సుమారు 1.40 డాలర్లు వస్తాయి. ఆ వారం నాస్డాక్ 8% పడితే TQQQ 77 దగ్గరికి వస్తుంది. ఇప్పుడు 105 స్ట్రైక్ కాల్‌కు ఎవరూ డబ్బులివ్వరు. ప్రీమియం కావాలంటే 81 స్ట్రైక్ అమ్మాలి, భయం పెరిగింది కాబట్టి 2 డాలర్ల పైచిలుకు దొరకొచ్చు. మరుసటి వారం నాస్డాక్ పడ్డదంతా తిరిగి లేస్తే TQQQ 97 దగ్గరికి వస్తుంది, మీ షేర్లు మాత్రం 81కే వెళ్లిపోతాయి. ప్రీమియాలన్నీ కలిపినా మీ చేతిలో 85 దగ్గర ఉంటుంది. ఏమీ చేయకుండా కూర్చున్న షేర్‌హోల్డర్‌కు 97, QQQ ఉన్నవాళ్లకు 100. డికే వల్ల పోయింది 3 డాలర్లు. దాన్ని పూడ్చబోయి పోయింది ఇంకో 12.

ఇంత వేగంగా పడి లేవడం జరుగుతుందా అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 3, 4 తేదీల్లో నాస్డాక్ రెండు రోజుల్లో 11% పైగా పడింది. ఏప్రిల్ 9న సుంకాల వాయిదా ప్రకటన రాగానే ఒక్క రోజులో 12% ఎగిసింది. ఏప్రిల్ 7, 8 తేదీల్లో దగ్గరి స్ట్రైక్‌లో కాల్స్ అమ్ముకున్నవాళ్లకు పడ్డదంతా మిగిలింది, లేచింది మాత్రం కాల్ కొన్నవాళ్లకు వెళ్లింది. కవర్డ్ కాల్ అమ్మకం వల్ల కాస్త మేలు జరిగేది మార్కెట్ నెలల తరబడి చిన్న పరిధిలో ఊగే కాలంలో. ఆ కాలం ఎప్పుడొస్తుందో ముందే చెప్పగలిగితే అసలు మూడింతల ఫండ్ పట్టుకోవాల్సిన పనే లేదు.

పొడవైన గడువు ఆప్షన్లలో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఫండ్ కంపెనీ లివరేజ్‌నే మార్చేయవచ్చు. 2018 ఫిబ్రవరి 5న వొలటాలిటీ తగ్గుతుందని పందెం కాసే ఫండ్లు కుప్పకూలాక, అదే నెల చివర్లో ప్రోషేర్స్ సంస్థ SVXYని వ్యతిరేక దిశలో ఒక రెట్టు నుంచి సగానికి, UVXYని రెండు రెట్ల నుంచి ఒకటిన్నరకు తగ్గించింది. 2020 మార్చి చివర్లో డైరెక్సియన్ సంస్థ బంగారు గనుల ఫండ్లు NUGT, JNUGలను మూడింతల నుంచి రెండింతలకు దించింది. అప్పటికే ఆప్షన్లు పట్టుకుని ఉన్నవాళ్ల స్ట్రైక్ మారదు, గడువు మారదు, కింద ఉన్న ఫండ్ మాత్రం ఇకపై మూడింట రెండు వంతులే కదులుతుంది. మూడింతల ఊగిసలాటకు ప్రీమియం కట్టినవాళ్లకు దాంతో నష్టమే, అమ్మినవాళ్లకు లాభం. TQQQకి ఇలా జరగాలని లేదు, జరగకూడదనీ లేదు. ఫండ్ పడిపోయి భయం ఎక్కువగా ఉన్న సమయంలోనే ఇలాంటి నిర్ణయాలు వచ్చాయి, అంటే ఆప్షన్ కొన్నవాళ్లు కోలుకునే అవకాశం కోసం ఎదురు చూసే సమయంలోనే.

ఇక మీరు చేయాల్సింది. మీ నమ్మకం నాస్డాక్ మీద, ఏడాది రెండేళ్ల మీద అయితే ఆప్షన్ QQQ మీదే కొనండి. లివరేజ్ కావాలంటే ఆప్షన్‌లోనే ఉంది, దాని కింద రోజూ సర్దుకునే ఇంకో లివరేజ్ పెట్టడం వల్ల మీకు అదనంగా వచ్చేది తక్కువ. QQQ కాంట్రాక్ట్ ఖరీదని చాలామంది TQQQ వైపు వెళ్తారు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. మీ 300 షేర్ల విలువ 30,000 డాలర్లనుకుందాం. QQQ 600 దగ్గర ఉంటే ఏడాది కాల్ ఒక కాంట్రాక్ట్‌కు, అంటే 100 షేర్లకు, సుమారు 6,000 అవుతుంది. మిగతా 24,000 ఏడాది ట్రెజరీ బిల్స్‌లో పెడితే 4% వడ్డీతో ఇంకో 960 వస్తాయి. నాస్డాక్ 20% పెరిగితే మీ దగ్గర సుమారు 37,000 ఉంటాయి, మధ్యలో ఎంత ఊగినా సరే. 2022లా 33% పడితే సుమారు 25,000 మిగులుతాయి. అలాంటి ఏడాదిలో మీ 300 TQQQ షేర్లు 6,300 దగ్గర ఉండేవి. 6,000 కూడా ఎక్కువనిపిస్తే, అదే గడువులో 20% పైనున్న 720 స్ట్రైక్ కాల్ అమ్మి స్ప్రెడ్ చేసుకోండి, ఖర్చు 4,000 చిల్లరకు తగ్గుతుంది. 20% మించిన లాభం వదులుకోవాలి, అంతే. ఈ అంకెలు వొలటాలిటీ 20% అనుకుని వేసినవి, కొనే రోజున స్క్రీన్ మీది ధరలతో మళ్లీ వేసుకోండి.

TQQQ ఆప్షనే కావాలనుకుంటే గడువు కొన్ని వారాలకు మించనివ్వకండి. ఊగిసలాట 25% ఉన్నా నెలకు దాని వల్ల అరుగుదల ఒకటిన్నర శాతం చుట్టూనే ఉంటుంది, కాల్ ధర పక్కన అది చిన్నది. ఏడాది దాటితే అది పెద్ద అంకె అవుతుంది. ఎంత గడువైనా, కొనే ముందు బ్రేక్-ఈవెన్ TQQQ ధరను నాస్డాక్ శాతంలోకి మార్చి చూడండి. పై ఉదాహరణలో 125 అంటే స్క్రీన్ మీద 25% లాభంలా కనిపిస్తుంది, సూచీ భాషలో అది 20% ఊగిసలాటకు 15.5%, 28% ఊగిసలాటకు 20%. ఆ శాతం మీ నమ్మకానికి మించి ఉంటే ఆ కాల్ మీది కాదు. బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య ఎంత తేడా ఉందో కూడా చూసుకోండి, దూరపు గడువుల్లో ఆ తేడాయే ఒక్కోసారి కొన్ని నెలల అరుగుదలను మించిపోతుంది. ఎప్పుడూ లిమిట్ ఆర్డరే పెట్టండి.

షేర్లు అమ్మేటప్పుడు పన్ను సంగతి మరిచిపోవద్దు. నాలుగైదేళ్ల క్రితం కొన్న లాట్లు ఏవి, నిరుడు కొన్నవి ఏవి అన్నది బ్రోకర్ స్టేట్‌మెంట్‌లో విడిగా ఉంటుంది. ఏడాది దాటినవాటి లాభం లాంగ్ టర్మ్ కిందికి వస్తుంది. నష్టంలో ఉన్న లాట్ అమ్మి, 30 రోజుల్లోపు TQQQ మీదే కాల్ కొంటే వాష్ సేల్ నిబంధన తగిలి ఆ నష్టాన్ని ఇప్పుడు చూపించుకోలేరు.

మీ తమ్ముడి విషయంలో మాత్రం గట్టిగానే చెప్పండి. భారత్‌లో ఉంటున్నవాళ్లు విదేశాలకు డబ్బు పంపుకునే ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద డాలర్లు పంపి అమెరికా షేర్లు, ఫండ్లు కొనుక్కోవచ్చు గానీ, విదేశీ ఎక్స్చేంజీల్లో మార్జిన్ల కోసం, మార్జిన్ కాల్స్ కోసం డబ్బు పంపడాన్ని రిజర్వ్ బ్యాంక్ అనుమతించదు. మీ పేరున ఉన్న అకౌంట్‌లో ఆయన డబ్బు పెట్టి ఆప్షన్లు చేయాలన్న ఆలోచన ఉంటే అది కూడా వద్దు. లాభం వచ్చినా ఇక్కడి పన్ను మీ నెత్తిన పడుతుంది, అక్కడ ఆయన లెక్క చూపించలేరు.